నాలుక నేత్రాలయం

ఇక కంటి ఆసుపత్రులకు తాళాలు వేసుకోవచ్చు. ఆ ఖరీదైన సూక్ష్మదర్శినులన్నీ తూకానికి అమ్మేసి, ఆ డబ్బుతో డాక్టర్లంతా తీర్థయాత్రలకు వెళ్లొచ్చు. ఆ వీడియో మీకు రాలేదంటే నేను నమ్మను. మా కాలనీ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, చివరికి కరెంటు బిల్లుల గురించి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న అపార్ట్‌మెంటు గ్రూపులోకీ దూరింది. అదే, ఒక ముసలమ్మ నులక మంచం మీద మనిషిని కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, రెప్ప ఎత్తి, నాలుకతో కంట్లో నలక తీసే వీడియో. కింద దండాల బొమ్మలు, మన పెద్దల విజ్ఞానానికి జేజేలు. ఆ జేజేలు కొట్టినవాళ్ళలో ఒకాయన నిన్న సాయంత్రం లిఫ్టులో నన్ను ఆపి, "సార్, ఇందులో తప్పేముందో చెప్పండి" అన్నారు. లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయింది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఆ వైద్యంలోని సుగుణాలు ఒప్పుకుందాం. కరెంటు అక్కర్లేదు. టోకెన్ అక్కర్లేదు. పరికరం పోయే భయం లేదు, ఎప్పుడూ నోట్లోనే ఉంటుంది. దాన్ని శుద్ధి చేయడమూ తేలికే: నోట్లో ఉన్న వక్కపలుకు ఉమ్మేసి, ఒక గుక్క నీళ్ళు పుక్కిలిస్తే చాలు. వరసలో పదిమంది కూర్చుంటే పదిమందికీ అదే పరికరం. ముందువాడి కండ్లకలక తరవాతివాడికి ఉచితం. పెదవి మీద అప్పుడప్పుడూ పొక్కులు లేచే మనిషి నాలుకైతే ఇంకా మేలు, ఆ పొక్కుల వైరస్ ఉమ్మి దారిన కంటికి చేరి అక్కడ కాపురం పెడుతుంది, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పుండు చేస్తుంది. ఇంత సుదీర్ఘమైన సేవ ఏ కార్పొరేట్ ఆసుపత్రి ఇస్తుంది?

"మరి నలక పోతోందిగా?" అంటారు. పోతుంది. నలక కంట్లో పడగానే కన్ను వరదలా నీళ్ళు కారుస్తుంది, రెప్ప టపటపా కొట్టుకుంటుంది. పడిన వాటిలో చాలా మటుకు ఆ నీళ్ళకే ముక్కువైపు మూలకు కొట్టుకొస్తాయి. నాలుకాయమ్మ ఇంటికి ఆటోలో వెళ్ళి, వరసలో కూర్చుని, కన్నీళ్ళు కారుస్తూ ఉండగానే సగం పని అయిపోతుంది. తరవాత ఆమె రెప్ప ఎత్తి పట్టుకుంటుంది. అక్కడ ఇరుక్కున్నది వదులవుతుంది. పని చేసింది కన్నీళ్ళు, బిరుదు నాలుకకు. ఇక కొందరు ప్రతి కంట్లోంచీ పెసరగింజంత రాయి తీసి అరచేతిలో ఉమ్మి చూపిస్తారు. కంటి ముందు పొర మీద పెసరగింజంత రాయి పెట్టుకుని ఎవడైనా బస్సెక్కి, టిక్కెట్టు తీసుకుని, మీ ఊరి దాకా వస్తాడా? ఆ రాయి కంట్లోంచి నోట్లోకి వెళ్ళింది కాదు, మొదటినుంచీ నోట్లో ఉన్నదే.

ఇంతకన్నా రుచికరమైన విషయం మరొకటుంది. నల్లగుడ్డు మీదుండే పొర అర మిల్లీమీటరు మందం. అందులో పైతోలు అయిదారు వరసల కణాలు, అంతే. శరీరంలో దానంత సున్నితంగా నొప్పి తెలిసే చోటు మరొకటి లేదు. నాలుక ఉపరితలమంతా గరుకు బుడిపెలు. దాంతో ఆ పైతోలును నాకితే గీరుకుపోతుంది. గీత పడిన కన్నూ, నలక ఉన్న కన్నూ మనిషికి ఒకేలా అనిపిస్తాయి: లోపల ఏదో గరగరలాడుతున్నట్టే. కాబట్టి నలక పోయినా రోగి "ఇంకా ఉందమ్మా" అంటాడు, ఆమె ఇంకోసారి నాలుక పెడుతుంది. నాలుకే చేసిన గాయానికి నాలుకే మందు. ఇంత చక్కటి వ్యాపారం నాకు తెలిసి మరొకటి లేదు.

తల్లిపాలు పోసేవాళ్ళు, ఆముదం చుక్క వేసేవాళ్ళు, తేనె రాసేవాళ్ళు, కొంగు మడిచి నోటి ఆవిరితో వెచ్చబెట్టి అద్దేవాళ్ళు, ఉఫ్ అని ఊది ఉమ్మి తుంపర చల్లేవాళ్ళు: మీ అందరికీ విడివిడిగా సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు. కంటికి వీటిలో ఏదీ అక్కర్లేదు.

అయినా ఆ ముసలమ్మను అని ఏం లాభం? ఆమె దగ్గరికి చేరేలోపే అసలు నష్టం జరిగిపోయి ఉంటుంది. చేసింది మన పిడికిలి. నలక పడగానే కన్ను గట్టిగా మూసి, వేలి కణుపుతో గిరగిరా నలుపుతాం. మూసిన కంట్లో ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి. దుమ్ము కణం ఎక్కువగా చేరేది పైరెప్ప లోపలి వైపు, అంచుకు రెండు మిల్లీమీటర్ల పైన ఉండే సన్నని గాడిలోకి. కన్ను గట్టిగా మూస్తే గుడ్డు తనంతట తాను పైకి తిరుగుతుంది. అంటే నల్లగుడ్డు సరిగ్గా పైరెప్ప కిందికి, నలక ఉన్న వైపుకే వెళుతుంది. దానిమీద మనం పిడికిలితో అదిమి రుద్దుతాం. గరుకు కాగితం ఇటు, కంటి పొర అటు, మధ్యలో మన బలమంతా. నలిపినప్పుడు హాయిగా ఉంటుంది, నిజమే. నొప్పి కబురు ఒత్తిడి కబురులో కాసేపు మునిగిపోతుంది. చెయ్యి తీయగానే రెట్టింపు మంట.

రెప్ప గాడిలో ఇరుక్కున్న కణం ఎలా పని చేస్తుందో కంటి డాక్టర్లకు చూడగానే తెలుస్తుంది. ఫ్లోరెసిన్ అనే పసుపు రంగు చుక్క వేసి నీలి దీపం కింద చూస్తే, పైతోలు ఊడిన చోట పచ్చగా మెరుస్తుంది. నల్లగుడ్డు పైభాగంలో నిలువుగా పచ్చ గీతలు వరసగా కనిపించాయంటే, నలక గుడ్డు మీద లేదు, పైరెప్ప లోపల ఉంది. రెప్ప కొట్టుకున్న ప్రతిసారీ ఒక గీత గీసింది. అప్పుడు డాక్టరు దూదిపుల్ల ఆనించి పైరెప్ప తిప్పి, తడి దూదితో ఒక్కసారి తుడుస్తారు. రెండు నిమిషాల పని. పైతోలు గీత చిన్నదైతే ఒకటి రెండు రోజుల్లో మానిపోతుంది. ఇంత తేలిగ్గా తేలేదాన్ని మనవాళ్ళు ఎంతదూరం తీసుకుపోతారో చెప్పనా?

కార్తీకంలో ఏ మండలం రోడ్డైనా చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. సాయంత్రం బండి మీద ఇంటికి వెళుతున్న మనిషి, హెల్మెట్ అద్దం పైకెత్తి. (ఎత్తకపోతే ఎవరైనా గుర్తుపట్టరేమోనని బెంగ.) గాలికి ఊక తునక కంట్లో పడుతుంది. బండి నడుపుతూనే నలుపుతాడు. పైతోలు చీలుతుంది. ఊక వెంట పొలంలోని బూజు ఆ చీలికలోకి దిగుతుంది. రాత్రి ఎవరో పసరు పోస్తారు. తెల్లారి మెడికల్ షాపుకు వెళ్ళి "కన్ను ఎర్రబడింది, చుక్కల మందు ఇవ్వు" అంటాడు. షాపువాడు టార్చి కూడా వేయకుండా స్టెరాయిడ్ చుక్కల సీసా తీసి ఇస్తాడు. సాయంత్రానికి ఎరుపు తగ్గుతుంది. తగ్గింది ఎరుపే. బూజును అడ్డుకునే శరీర బలాన్ని ఆ మందు కట్టిపడేస్తుంది, లోపల బూజు నింపాదిగా పాకుతుంది. నాలుగైదు రోజులకు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, వెలుతురు చూడలేనితనం, మసక. అప్పుడు పెద్ద ఆసుపత్రి. అక్కడ పుండు అంచు గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే బూజు పోగులు. గంటగంటకూ నాటమైసిన్ చుక్కలు, వారాల తరబడి. మానినా మచ్చ మిగలవచ్చు, చూపుకు అడ్డంగా మిగిలితే దానం చేసిన కంటి పొర కోసం ఎదురుచూపు.

దక్షిణాదిలో పరీక్షల్లో క్రిమి దొరికిన నల్లగుడ్డు పుండ్లలో దాదాపు సగం బూజువే. ఎవరివి? ఎక్కువగా వ్యవసాయం చేసేవాళ్ళవి, కూలివాళ్ళవి. ఒక పంట కాలం కూలి పోతుంది, ఒక కన్ను పోతుంది. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మినవాడి షట్టరు మాత్రం మర్నాడు ఉదయం యథాప్రకారం లేస్తుంది. ఇందులో నవ్వడానికేమీ లేదు. నాకు ఆ వీడియో మీద ఒళ్ళు మండేది అందుకే. అది వినోదం కాదు, ఆ మనిషిని ఆసుపత్రికి నాలుగు రోజులు ఆలస్యంగా చేర్చే పథకం.

చేయాల్సింది వీడియో తీయడానికి కూడా పనికిరానంత మామూలుగా ఉంటుంది. బండి పక్కకు ఆపండి. చెయ్యి కంటి దగ్గరికి పోనివ్వకండి. కాసేపు రెప్పలు కొట్టండి. సబ్బుతో చేతులు కడుక్కున్నాక, పైరెప్ప వెంట్రుకలు పట్టి రెప్పను కిందిరెప్ప మీదికి లాగి వదలండి; కిందిరెప్ప వెంట్రుకలు లోపలి గాడిని చీపురులా ఊడ్చేస్తాయి. పోకపోతే నీళ్ళు. కాచి చల్లార్చినవో, తాగే మంచినీళ్ళో, దొరికితే సెలైనో. కాలువ నీళ్ళు, తొట్టి నీళ్ళు వద్దు. వాటిలోని అమీబా కంట్లో పెట్టే పుండు బూజుకు తీసిపోదు. కాంటాక్టు లెన్సు ఉంటే ముందు తీసేయండి. నలక పడిన కన్ను కిందికి వచ్చేలా తల పక్కకు వంచి, రెండు రెప్పలూ వేళ్ళతో విడదీసి, ముక్కువైపు నుంచి చెవివైపుకు సన్నని ధారగా పోయండి. పోస్తుండగా పైకీ కిందికీ పక్కలకూ చూడాలి, లేకపోతే గాడిలోకి నీళ్ళు అందవు. మొహం మీద చెంబెడు నీళ్ళు చల్లుకుని "కడిగాను" అనడం కాదు. కొన్ని నిమిషాల పాటు పోయాలి. నల్లగుడ్డు మీద అంటుకున్నది కనిపిస్తే రుమాలు కొసతోనూ గెలకొద్దు.

పురుగైనా ఇదే పద్ధతి, ఇంకాస్త భయంతో. వానాకాలం రాత్రుళ్ళు దీపాల చుట్టూ తిరిగే నలుపు, నారింజ పట్టెల సన్న పురుగు ఒకటుంది. అది కుట్టదు, కరవదు. నలిపితే మాత్రం దాని ఒంట్లోని విషం చర్మం మీద బొబ్బలు లేపుతుంది, కన్ను వాచి మూసుకుపోతుంది. కంటి దగ్గర పురుగును నలపడమంటే దానికి లేని ఆయుధం మనమే ఇవ్వడం.

కడిగాక కూడా గరగర ఉంటే, వెలుతురు చూడలేకపోతే, మసకగా ఉంటే, పడింది ఊకో ఆకో అయితే, అదే రోజు కంటి డాక్టరు. సుత్తి దెబ్బకో గ్రైండింగ్ చక్రానికో ఎగిరిన ఇనుప రవ్వ అయితే కడగడం, ఒత్తడం ఏమీ వద్దు. కాగితపు కప్పు బోర్లించి అంటించుకుని నేరుగా వెళ్ళాలి, రవ్వ గుడ్డులోకి దిగి ఉండవచ్చు. పిల్లాడి కంట్లో తమలపాకు సున్నం పడితే మాత్రం మంచినీళ్ళ కోసం వెతకొద్దు. దగ్గరున్న కుళాయి తిప్పి, రెప్పలు విడదీసి, అరగంట పాటు పోస్తూనే ఉండండి, పక్కవాణ్ణి ఆటో పిలవమనండి.