వచ్చలేదు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. తెలుగు క్రియల విషయంలో చేసినదానికి మాత్రం మా గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ దాకా అందరూ సాక్షులే.

రిటైరయ్యాక నల్లగండ్లలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా ఎదురు ఫ్లాట్ అమ్మాయిది లక్నో, ఉద్యోగం నానక్‌రామ్‌గూడలో. పనిమనిషితోనూ వాచ్‌మన్‌తోనూ తెలుగులో మాట్లాడాలని ఉంది, నేర్పుతారా అంకుల్ అంది. అడగడమే ఆలస్యం, నేను గురువునైపోయాను.

మొదటి పాఠంలోనే గొప్పలు మొదలుపెట్టాను. "ఇంగ్లీషువాళ్ళు గో, వెంట్, గాన్ అంటూ ప్రాణం తీస్తారమ్మా. మా తెలుగులో ఆ పేచీ లేదు. ఒక్క సూత్రం పట్టుకుంటే అన్ని క్రియలూ లొంగుతాయి" అన్నాను. ఆడాను అన్నదాన్ని ఆడలేదు చెయ్యి, పాడాను అన్నదాన్ని పాడలేదు చెయ్యి, అంతే. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు చేసింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి "ట్యాంకర్ వచ్చలేదు, నేను డబ్బులు ఇచ్చలేదు" అంది. వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"వచ్చలేదు కాదమ్మా, రాలేదు. ఇచ్చలేదు కాదు, ఇవ్వలేదు" అన్నాను.

"ఎందుకు అంకుల్?"

ఎందుకో నాకు తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ రాలేదు అంటున్నవాణ్ణే గాని, వచ్చాను అనే మాటలో ఆ 'రా' ఎక్కడుందని ఒక్కనాడూ వెతకలేదు. "అది అంతే" అని తప్పించుకున్నాను.

ఆ పరువు కాపాడుకోవడానికి ఇంకో ఘనకార్యం చేశాను. ఎక్సెల్‌లో క్రియలన్నీ అకారాది క్రమంలో పేర్చి, ఒక్కోదానికి అన్ని కాలాలూ, అన్ని పురుషలూ నింపి ఇచ్చాను. అవు, ఆడు, ఇచ్చు, ఉండు, కొను... పక్కపక్కనే ఉన్నా ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. ఆమె రాత్రిపూట పట్టికంతా గడగడా అప్పజెప్పేది. తెల్లారి గేటు దగ్గర మళ్ళీ "వచ్చలేదు". నిఘంటువుకు పనికొచ్చే క్రమం నోటికి పనికి రాదని నాకు తట్టలేదు. పైగా పిల్లకు జ్ఞాపకశక్తి తక్కువేమో అని మనసులో అనుకున్నాను కూడా.

మా కాలనీకి ఆనుకునే హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు క్రియాధాతువుల మీద పరిశోధించి, 1961లో ఆ పుస్తకం అచ్చువేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1986 నుంచి 1993 దాకా అక్కడ వైస్ ఛాన్సలర్. గ్విన్‌గారితో కలిసి ఆయన రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. నేను దాన్ని తెరిచింది ఇంత పరువు పోయిన తరువాత.

అప్పుడు పట్టిక చెరిపేసి, ప్రతి క్రియకూ నాలుగే రూపాలు ఉంచాను. జరిగినది, జరగబోయేది, జరగనిది, చెయ్యమనేది. వచ్చాను, వస్తాను, రాలేదు, రా. తెచ్చాను, తెస్తాను, తేలేదు, తే. పోయాను, పోతాను, పోలేదు, పో. అయ్యాను, అవుతాను, కాలేదు. ఈ నాలుగు క్రియలనూ ఒకచోట చేర్చగానే సంగతి బయటపడింది. జరిగిన కాలంలో నాలుగింటికీ ఒకే పోలిక లేదు. కాదనేటప్పుడు మాత్రం నాలుగూ ఒక్క దీర్ఘాక్షరానికి దిగిపోతాయి: రా, తే, పో, కా. ఆ అక్షరం దొరికితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. రావాలి, తేవాలి, పోవాలి, కావాలి. రాకు, తేకు, పోకు. రమ్మను, తెమ్మను, పొమ్మను. నేను పట్టికలో ఒక్కో గడి నింపుతూ విడివిడిగా బట్టీ పెట్టించినవన్నీ ఇవే.

ఇది మన ఒక్కరి వింత కూడా కాదు. కన్నడిగులు బా అని పిలుస్తారు, వచ్చాడు అనడానికి బంద అంటారు; తే అనడానికి తా, తెచ్చాడు అనడానికి తంద. తమిళంలో వా, వందాన్, తా, తందాన్. అక్కడ తా అంటే ఇవ్వమని, కాని జంట మాత్రం చెదరలేదు.

రెండో గుంపు ఇంకా తేలిక. తిను, విను, అను, కొను. తిన్నాను, తింటాను, తినలేదు. విన్నాను, వింటాను, వినలేదు. ఆమె సంగతి చెప్పేటప్పుడు తింది, వింది, అంది, కొంది. ఒక్కటి నేర్పితే మిగతా మూడూ ఆ అమ్మాయే చెప్పేసింది. ఉన్నాను, ఉంటాను అని ఉండు కూడా వీటి పక్కకే చేరింది, ఉండలేదు దగ్గర 'డ' ఒకటి గుర్తుపెట్టుకుంటే సరి.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఉత్సాహం పట్టలేక, చ్చు చివర ఉన్నవన్నీ ఒక గుంపే అని ప్రకటించాను. వచ్చింది వస్తుంది, తెచ్చింది తెస్తుంది, ఇచ్చింది ఇస్తుంది. ఆ సాయంత్రమే మా ఆవిడ పంపిన గోంగూర పచ్చడి తిని, "ఆంటీ పచ్చడి నాకు రోజూ నస్తుంది" అంది పాపం. నచ్చింది అన్నది వచ్చింది లాగే ఉంటుంది, కాని రేపటి మాటకొస్తే నచ్చుతుంది అవుతుంది, కాదంటే నచ్చలేదు. గుచ్చు కూడా అంతే: గుచ్చింది, గుచ్చుతుంది, గుచ్చలేదు. ఇవి రెండూ సాఫీగా నడిచేవే. చ్చు చివర ఉన్నవాటిలో నా మొదటి సూత్రం పనిచేసేది ఇలాంటివాటికే! జరిగిన రూపం ఒక్కటి కలిసిందని గుంపులో చేర్చకూడదు, కాదనే రూపమూ కలవాలి. ఆ లెక్కన ఇచ్చు కూడా సగం మనిషే. ఇస్తాను దాకా వచ్చుతో నడిచి, ఇవ్వలేదు దగ్గర విడిపోతుంది. చచ్చును మర్యాద కోసం వదిలేశాను. అదీ తెలివితక్కువే, ఈ ట్రాఫిక్‌లో ఆ అమ్మాయి రోజూ వినేది "చస్తున్నాం" అన్న మాటే.

గుంపులు కుదిరినా నోరు తిరగడానికి వాక్యాలు కావాలి. మొదట పెద్దపెద్దవి రాసిచ్చాను; క్రియ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఊపిరి చాలేది కాదు. తరువాత రెండు మూడు మాటలకు కుదించాను. ఒక కాలాన్నే వల్లించడం మాని, ప్రశ్నకు జవాబుగా రూపం మార్చేటట్టు పెట్టాను.

"పార్సిల్ వచ్చిందా?" "రాలేదు. రేపు వస్తుంది." "రేపు రాకపోతే?" "ఎల్లుండి రావాలి." "వాణ్ణి రమ్మను." ఇదే వరసలో వెంటనే తెచ్చు: "పాలు తెచ్చావా?" "తేలేదు. ఇప్పుడు తెస్తాను." "పెరుగు కూడా తే." ప్రశ్నలో 'వచ్చ' వినబడుతుంది, జవాబులో 'రా' పలకాలి. ఆ మలుపు దగ్గరే ఆమె ఇన్నాళ్ళూ పడిపోతున్నది. పట్టికలో ఆ మలుపు లేదు, అందుకే అక్కడ బాగా చదివి ఇక్కడ తడబడేది.

వాచ్‌మన్ "వస్త, తెస్త, రాలే, తేలే" అంటాడు. అది వేరే భాషేమో, పిల్ల కంగారుపడుతుందేమో అని భయపడ్డాను. ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని, "చివర మాత్రమే తగ్గింది అంకుల్, రా, తే అలాగే ఉన్నాయి" అంది. నేను చెప్పాల్సిన పాఠం అది.

మీ పక్క ఫ్లాట్‌లో ఎవరైనా తెలుగు నేర్చుకుంటుంటే పట్టికలు ఇవ్వకండి. లిఫ్టులో కనబడినప్పుడు "పేపర్ వచ్చిందా?" అని అడగండి. "వచ్చలేదు" అంటే నవ్వకండి, "తెచ్చావా?" అని ఇంకోటి అడగండి.