తొమ్మిది క్రెడిట్లకు ఒక అర్జీ

అమెరికాలో ఫీజు కట్టినంత మాత్రాన క్లాసులో కూర్చోనివ్వరు. క్రోసూరులో బజారుకొకరి పిల్లలు అక్కడే చదువుతున్నారు. 2023-24లో అమెరికాలో ఉన్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది అని లెక్క కూడా తేల్చారు. ఇంతమంది తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఈ ముక్క ముందే నా చెవిన వేయలేదు. కాబట్టి నా ఫిర్యాదు నేనే రాసి పెడుతున్నాను.

మావాడు టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చదువుతున్నాడు. ఆగస్టులో మొదలైన సెమిస్టరు నడుస్తుండగానే, జనవరిలో రాబోయేదానికి సబ్జెక్టులు ఏరుకోమన్నారు. వీడు కంప్యూటర్ ముందు కూర్చుని, మూడు సబ్జెక్టులు ఎంచుకుని బటన్ నొక్కాడు. 'హోల్డ్' అని వచ్చింది. అకడమిక్ అడ్వైజర్‌ని కలిసి మాట్లాడి, ఆవిడ ఆ హోల్డ్ తీసేదాకా రిజిస్ట్రేషన్ కదలదట.

"అయితే పొద్దున్నే పోయి ఆవిడ గది ముందు నిలబడరా" అన్నాను.

"అట్లా నిలబడకూడదు నాన్నా. ముందు మెయిల్ పెట్టి టైము అడగాలి."

సత్తెనపల్లిలో ఏ ఆఫీసుకు పోయినా గుమ్మం దగ్గర నిలబడితే సాయంత్రానికల్లా పనయ్యేదీ లేనిదీ తేలిపోతుంది. అక్కడ గుమ్మం దగ్గర నిలబడటమే తప్పట. మనిషిని కలవడానికి ముందు ఉత్తరం, ఆ ఉత్తరానికి జవాబు, జవాబులో ఒక తేదీ, ఆ తేదీన అరగంట. ఈ అరగంట కోసం నా కొడుకు సముద్రాలు దాటిపోయాడు.

సరే, ఉత్తరమంటే నాకు కొత్తా? ఫోనులోనే చెప్పి రాయించాను. గౌరవనీయులైన అడ్వైజర్ గారి దివ్య సముఖానికి అని మొదలుపెట్టి, మా కుటుంబ పరిస్థితి, గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయిన వైనం, బ్యాంకు అప్పు మీద పెరుగుతున్న వడ్డీ, వాడికి పదో తరగతిలో వచ్చిన మార్కులు, అన్నీ వరసగా పెట్టి, చివర్న తగు చర్య తీసుకోగలందులకు ప్రార్థన అని ముగించాను. చదివినవాళ్ల గుండె కరగాలి. మావాడు అది పంపనే లేదు. వాడి సీనియర్ ఒకడు చూసి, ఇందులో ఆవిడకు కావలసింది ఒక్కటీ లేదన్నాడట.

ఆవిడకు కావలసిందేమిటో తర్వాత మావాడు పంపినదాంట్లో చూశాను. మెయిల్ పైన, విషయమని రాసేచోట, వాడి పేరు, స్టూడెంట్ నంబరు, 'వసంత సెమిస్టర్ రిజిస్ట్రేషన్, అపాయింట్‌మెంట్ కోసం' అని ఉంది. లోపల ఇంతే: "నేను ఎమ్మెస్ మొదటి సెమిస్టర్ విద్యార్థిని. నాకు అడ్వైజింగ్ హోల్డ్ ఉంది. రిజిస్ట్రేషన్ గడువు వచ్చే శుక్రవారం. ఈ మూడు కోర్సులు తీసుకోవాలనుకుంటున్నాను, నంబర్లు కింద ఇచ్చాను. డిగ్రీ ప్లాన్ జతచేశాను. మూడో కోర్సు నా ఎలెక్టివ్ కింద లెక్కకొస్తుందా అన్నది నా సందేహం. సోమవారం పదింటికి, మంగళవారం రెండింటికి, బుధవారం మూడింటికి నాకు వీలవుతుంది." యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే పంపాడు. సొంత మెయిల్ నుంచి పంపితే పంపింది వీడేనని వాళ్లకు నమ్మకం ఉండదట.

మిర్చి మాట ఎక్కడా లేదు. మర్నాటికి జవాబొచ్చింది, మంగళవారం రెండింటికి రమ్మని. నాకు ఇందులో కిట్టనిదల్లా ఒకటే. ఏ సబ్జెక్టులు తీసుకోవాలో వీడే తేల్చుకుని, నంబర్లు వీడే వెతుక్కుని, సందేహం కూడా వీడే తయారుచేసుకుని పోతే, ఇంక సలహా ఇచ్చేవాళ్లు చేసేదేమిటి? "ఏం తీసుకోమంటారు?" అని ఉత్త చేతులతో పోయినవాడికి ఆ అరగంట ప్లాన్ తెరిచి చూపించడంతోనే సరిపోతుందని మావాడి సమాధానం.

పైగా తొందరెందుకంటే, అక్కడ సీట్లు మా సాగర్ కాలువ నీళ్లలాంటివి. ఎక్కువ క్రెడిట్లు పూర్తిచేసిన సీనియర్లకు ముందు వంతు, వీడిలాంటి మొదటి సెమిస్టరు వాళ్లు కాలువ చివరి భూములు. వంతు వచ్చిన రోజున హోల్డ్ ఉంటే పక్కచేను తడుస్తుంది, మన చేను ఎండుతుంది. అందుకని అడ్వైజర్‌ని కలవడం వంతుకు ముందే అయిపోవాలి. గడువు వారంలో అందరూ ఒకేసారి టైము అడుగుతారు. నవంబరు నాలుగో గురువారం వాళ్ల థ్యాంక్స్‌గివింగ్ పండగ, ఆ వారం మనిషే దొరకరు.

హోల్డ్ ఒకటే అనుకుంటే పొరపాటు. మావాడికి రెండోది కూడా ఉంది, హెల్త్ ఇన్సూరెన్స్ తాలూకు చిల్లర బాకీ మీద పడింది. అది అడ్వైజర్ తీయలేదు. ఎవరు పెట్టిన హోల్డ్ వాళ్లే తీయాలి. ఇక్కడి బ్యాంకు నుంచి డబ్బు అక్కడ జమ కావడానికి కొన్ని రోజులు పడుతుంది గనక, మీటింగ్‌కు ముందే ఆ పేజీ తెరిచి ఎన్ని హోల్డులున్నాయో, ఎవరు పెట్టారో చూసుకోవాలట. ఈ సలహా ఇచ్చింది కూడా అడ్వైజర్ కాదు, ఆ సీనియరే.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తాను. వాడి యూనివర్సిటీలో ఎమ్మెస్ వాళ్లు ఎఫ్-1 వీసా నిలబెట్టుకోవాలంటే సెమిస్టరుకు తొమ్మిది క్రెడిట్లుండాలి, అంటే మూడు సబ్జెక్టులు. ఆ తొమ్మిదిలో పూర్తిగా ఆన్‌లైన్‌లో చెప్పే కోర్సు ఒక్కటే, మూడు క్రెడిట్లకు మించకుండా, లెక్కకొస్తుంది. ఇది అమెరికా ప్రభుత్వపు నిబంధన. మావాడి రూమ్మేటు ఏం బోధించాడంటే, రెండు ఆన్‌లైన్‌వి తీసుకుని, ఒక్కదానికే కాలేజీకి పోతే అద్దె తక్కువున్న ఊళ్లో ఉండొచ్చని. వీడు మూడూ ఎంచుకున్నాడు. పైన తొమ్మిది అని చక్కగా చూపించింది. వీసా లెక్కలో మాత్రం అవి ఆరే. ఆ కంప్యూటర్‌కు సీట్ల లెక్క తెలుసు, ప్రతి వీసా సంగతీ తెలియాలని లేదు. ఎర్ర అక్షరాల్లో హెచ్చరించదు. కోర్సు పేరు పక్కన 'ఎలా చెబుతారు' అనే గడిలో ఆన్‌లైనా, క్లాసులోనా అని రాసి ఉంటుంది, చూసుకోవాల్సింది మనమే.

ఇంకో చిక్కు వెయిట్‌లిస్ట్. వీడికి కావలసిన మెషిన్ లెర్నింగ్ సీట్లు నిండిపోయాయి, పేరు వెయిట్‌లిస్టులో పడింది. వెయిట్‌లిస్టులో ఉన్న సబ్జెక్టు చేరినట్టు కాదు, దాని మూడు క్రెడిట్లు తొమ్మిదిలో కలవవు. సెమిస్టరు మొదలయ్యాక ముప్పై రోజుల్లోపు యూనివర్సిటీ వాళ్లు సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో వీడు పూర్తి కోర్సులతో చదువుతున్నాడని నమోదు చేయాలి. అప్పటికి ఆరే ఉంటే గొడవే. కాబట్టి ముందు క్లాసులో చెప్పే ఇంకో సబ్జెక్టు ఏదో ఒకటి పట్టుకుని తొమ్మిది నింపుకోవాలి. మెషిన్ లెర్నింగ్‌లో సీటు వస్తే, యాడ్-డ్రాప్ గడువులోగా ఆ రెండోదాన్ని వదిలెయ్యాలి. గడువు దాటి వదిలితే మార్కుల జాబితాలో 'W' పడుతుంది, ఫీజూ తిరిగి రాదు.

ఇదంతా అడ్వైజర్ చెప్పేస్తుందనుకున్నారా? ఇక్కడే నా ఫిర్యాదులో పెద్ద పద్దు ఉంది. అడ్వైజర్లు ఇద్దరట! ఈవిడ చూసేది డిగ్రీ. ఏ సబ్జెక్టు దేని కింద లెక్కకొస్తుంది, దేని తర్వాత ఏది, అంతవరకే. రెండు ఆన్‌లైన్ కోర్సులు తీసుకోవచ్చా అని ఈవిడను అడిగితే తీసుకోవచ్చంటుంది, అది అబద్ధం కాదు, డిగ్రీకి సరిపోతుంది. వీసా సంగతి చూసేవాళ్లు ఇంటర్నేషనల్ ఆఫీసులో వేరే ఉంటారు, డీఎస్‌ఓ అంటారు. ఐ-20 కాగితం ఇచ్చేది వాళ్లే. తొమ్మిది కంటే తగ్గించుకోవాలంటే, చివరి సెమిస్టరుకైనా, జబ్బు చేసినా, వదలడానికి ముందే వాళ్ల అనుమతి కావాలి. వదిలేసి తర్వాత చెబితే చెల్లదు. ఈవిడ సరేనన్నది కదా అని డీఎస్‌ఓ దగ్గరకు పోకుండా కూర్చున్న పిల్లలున్నారట. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టే ఉపాయం అంత పెద్ద దేశంలో ఎవరికీ తట్టలేదు.

మీటింగ్ రోజు రానే వచ్చింది. టెక్సాస్‌లో మంగళవారం మధ్యాహ్నం రెండంటే మాకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నర అని లెక్కగట్టి, టీ కాచుకుని కూర్చున్నాం. ఒంటిగంటైంది, ఫోను లేదు. మా ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టింది. రెండు దాటాక వాడు ఫోను చేసి, "ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు కదా నాన్నా" అన్నాడు. నవంబరు మొదటి ఆదివారం తిప్పుతారట, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. సరిగ్గా రిజిస్ట్రేషన్ల సమయంలోనే! దేశం మొత్తం కూడబలుక్కుని మా నిద్ర మీద పడింది.

మీటింగ్ పావుగంటలో అయిపోయిందట. ఎలెక్టివ్ సరేనన్నది, ఆన్‌లైన్‌వి రెండున్నాయి, డీఎస్‌ఓని అడిగావా అన్నది, హోల్డ్ తీసేసింది. ఆ మాట అన్నందుకు ఆవిడ మీద నా కోపం కొంత తగ్గించుకుంటున్నాను. వీడు ఒక ఆన్‌లైన్‌ది తీసేసి క్లాసులో చెప్పేది పెట్టుకున్నాడు.

నా మనసు ఆగక, ఆవిడకే ఒక మెయిల్ పెట్టాను. తండ్రిని, ఫీజు కట్టేవాణ్ణి, మావాడు ఏయే సబ్జెక్టులు తీసుకున్నాడో తెలియజేయగలరు అని. ఎంతో మర్యాదగా జవాబిచ్చింది, విద్యార్థి గురించి తాను మాట్లాడకూడదని. ఫెర్పా అని 1974 నాటి చట్టం. పిల్లవాడు కాలేజీ గడప తొక్కిన క్షణాన వాడి చదువు కాగితాల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి వాడికి పోతుంది, వాడు సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప మనకు చెప్పరు. అప్పు కాగితాల మీద సంతకం మాత్రం నాదే. దాని మీద హక్కు నా నుంచి వాడికి పోయే చట్టమేదైనా ఉందేమో ఎవరూ చెప్పరు.

జనవరిలో వాడికి మెషిన్ లెర్నింగ్‌లో సీటొచ్చింది. ఇక ఆ అదనపు సబ్జెక్టు వదలాలి, గడువు అక్కడి అర్ధరాత్రి, మాకు పగలు పదకొండున్నర. చేలో మిర్చి కోతకు కూలీలొచ్చి కూర్చున్నారు, నేను గడియారం చూస్తూ ఇంట్లోనే ఉండిపోయాను. పదకొండయింది.

"వదిలేశాడో లేదో ఫోను చేసి అడగరాదా?" అంది మా ఆవిడ.

"అడిగితే సంతకం కావాలంటాడు. నువ్వడుగు, నీ పేరు ఏ కాగితంలోనూ లేదు" అన్నాను.