ఊరు పండింది, బాబాయి ఎండాడు

మా బాబాయిది కాలువ చివరన శివారు భూమి. వరికి బీమా చేశాడు. పొట్ట దశలో నీళ్లు రాక ఎకరానికి 6 బస్తాలే చేతికొచ్చాయి. పరిహారం ఎంతొచ్చిందని అడిగితే, "ఊరు బాగా పండిందటరా, నాకు నష్టం రాలేదట" అన్నాడు. తన పొలం ఎండిందన్న సంగతి ఆయనకు కళ్లారా తెలుసు. ఎండలేదన్న సంగతి కాగితం చెప్పింది.

వ్యవసాయ ఫైనాన్స్ చదివే పిల్లలకు ఈ ముచ్చట చెప్తే, "ఇది మోసం కదా సార్!" అంటారు. కాదు నాయనా, లెక్క. 2016 ఖరీఫ్‌లో మొదలైన ఫసల్ బీమా యోజనలో ప్రధాన పంటలకు బీమా యూనిట్ గ్రామం. అంటే బీమా అయింది బాబాయి చేను కాదు, ఊరి సగటు. ఆ సగటుకు ప్రీమియం కట్టే భాగ్యం మాత్రం బాబాయిది.

లెక్క చూడండి. అంకెలు నావి, పద్ధతి పథకానిది. గత ఏడేళ్లలో మేలైన ఐదేళ్ల సగటు ఎకరానికి 30 బస్తాలు. ఇండెమ్నిటీ 80 శాతం అయితే హామీ దిగుబడి 24. కోతలప్పుడు ఊళ్లో నాలుగు చోట్ల, ఐదు మీటర్ల చదరం గీసి, కోసి, నూర్చి, తూస్తారు. దీని పేరు పంట కోత ప్రయోగం. ఎకరానికి లెక్క కడితే 28, 27, 29, 12 బస్తాలు వచ్చాయనుకుందాం. సగటు సరిగ్గా 24. హామీ కూడా 24. పరిహారం సున్నా. మూడు గళ్లు కాలువ మొదట్లో పడ్డాయి. చీటీ తీసి ఎంచినా చీటీకి శివారు మీద ప్రత్యేకమైన జాలి ఉండదు.

సగటు 18కి పడి ఉంటే? హామీలోంచి అసలు దిగుబడి తీసేసి, హామీతో భాగించి, బీమా మొత్తంతో గుణించాలి. ఆరు బస్తాల లోటు, 24తో భాగిస్తే 25 శాతం. బీమా మొత్తం 40,000 అయితే 10,000 రూపాయలు. ఇంట్లో గింజ లేని బాబాయికీ అంతే, కాలువ మొదట్లో 28 బస్తాలు పండించుకున్న ఆసామికీ అంతే. చేను నష్టానికీ సూచిక చెప్పే నష్టానికీ మధ్య ఉన్న ఈ ఎడమే బేసిస్ రిస్క్. ఆసామి దాన్ని అదృష్టం అంటాడు. బాబాయి అనే మాట పత్రికలో వేయరు.

మరి చేను చేనుకీ బీమా ఇవ్వొచ్చు కదా? 1972లో గుజరాత్‌లో హెచ్-4 పత్తికి అదే చేసి చూశారు. ప్రీమియం కన్నా పరిహారాలు ఎక్కువయ్యాయి. నష్టపోయే రైతే ముందు బీమా చేయిస్తాడు, చేయించాక కలుపు తీసే పట్టుదల తగ్గుతుంది, ప్రతి చేనూ చూసే మనిషికి జీతం ఇవ్వాలి. అప్పుడు ప్రొఫెసర్ దాండేకర్ ప్రాంతపు సగటు దారి చూపారు. ఊరంతటి దిగుబడిని ఒక్క రైతు దాచలేడు, తగ్గించలేడు. అంటే మోసం రిస్క్ కంపెనీ నెత్తి మీంచి దించి, బేసిస్ రిస్క్‌గా మార్చి బాబాయి నెత్తిన పెట్టారు. యూనిట్ చిన్నదైతే ఈ బరువు తగ్గుతుంది. కానీ ఊరికి నాలుగు చొప్పున కోతలు కోయాలి. అన్ని ఊళ్లలోనూ వరి ఒకే వారంలో కోతకొస్తుంది, ఉన్న సిబ్బందే అన్నిచోట్లా తిరగాలి. అప్పుడు కొన్ని గళ్లు పొలంలోనూ కొన్ని కాగితం మీదా పండుతాయి.

ఇక సబ్సిడీ. నిజమైన ప్రీమియం 10 శాతం అనుకుంటే ఎకరాకు 4,000. ఖరీఫ్ ఆహార పంటకు రైతు వాటా 2 శాతం, అంటే 800. మిగతా 3,200 కేంద్రం, రాష్ట్రం చెరి సగం. రాష్ట్రం తన 1,600 ఆలస్యం చేస్తే పరిహారమూ ఆలస్యమవుతుంది. రైతుకు కనిపించేది 800 మాత్రమే, కాబట్టి సరుకు ఖరీదు 4,000 అని అతనికి తెలియదు. తెలిస్తే, "నా చేను ఎండితే డబ్బు రాని బీమాకి నాలుగు వేలా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న రాకుండా చూడ్డంలో సబ్సిడీకి సాటి లేదు. ప్రీమియాన్ని తగ్గించింది కానీ బేసిస్ రిస్క్‌ను ఒక్క బస్తా కూడా తగ్గించలేదు. పైగా రేటు ఎంత పెరిగినా రైతు వాటా కదలదు, బిల్లు ఖజానాకే వెళ్తుంది. అందుకే 2020లో కేంద్రం తన వాటాకు గీత గీసింది: సాగునీరున్న ప్రాంతంలో 25, లేనిచోట 30 శాతం ప్రీమియం రేటు దాకానే. ఆపైది రాష్ట్రం చూసుకోవాలి.

ప్రాజెక్టు పని మీద పల్లెకు వెళ్లే విద్యార్థులకో మాట: ప్రీమియం రేటు తర్వాత రాసుకోవచ్చు. ముందు ఆ నాలుగు గళ్లు ఎక్కడ గీశారో చూపించమనండి. శివారుకు ఒక్కటైనా వచ్చిందేమో మా బాబాయిని అడగండి.