జూనియర్ గారి జవాబు

పామర్రు సెంటర్లో నిలబడితే బందరు, గుడివాడ, బెజవాడ, చల్లపల్లి దారులన్నీ అక్కడే కలుస్తాయి. తెల్లారకముందే ఈ దారుల మీద బైకేసుకుని తిరిగే ఒక జాతి మనిషి ఉంటాడు. వీపున బ్యాగు, అందులో నీటిలోని ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు, శాంపిల్ సీసాలు, ప్యాంటు అంచున ఆరిపోయిన బురద. రొయ్యల రైతులు ఇతన్ని ఎదురుగా 'సార్' అంటారు, చాటున 'ఆ కుర్రాడు' అంటారు, చెరువు పోయిన రోజున అచ్చు వెయ్యరానివి అంటారు. లెటర్‌హెడ్ మీద మాత్రం ఇతను జూనియర్ కన్సల్టెంట్. ఇతన్ని చూసి జనం నోరెత్తలేని పిల్లాడనుకుంటారు. నోరెత్తడు, నిజమే. కానీ అది చేతగానితనం కాదనీ, అతని శాంతానికి మూలం మంచితనం కూడా కాదనీ నా వాదన. ఆ మూలం అతని నోటుపుస్తకం.

ఇతని అసలు ప్రతిభ చెరువు గట్టు మీద కంటే ఈమెయిల్లో తెలుస్తుంది. నాగాయలంక వైపు చెరువులు లీజుకు తీసుకుని హైదరాబాదులో ఉండే ఒక ఆసామిని ఊహించుకోండి. రాత్రికి రాత్రి ఒక చెరువులో రొయ్య పోయింది. ఆయన ఫోను చెయ్యడు; ఫోనులో తిడితే సాక్ష్యం ఉండదు కదా! ఈమెయిల్ పెడతాడు. సబ్జెక్టు లైనంతా పెద్దక్షరాలు, చివర మూడు ఆశ్చర్యార్థకాలు. కాపీ వెళ్ళినవాళ్ళలో సీనియర్ కన్సల్టెంటు, మేత డీలరు, ఒక లాయరు, రొయ్యకూ ఆయనకూ ఏ సంబంధమూ లేని బావమరిది. లోపల సారాంశం ఇది: 'నువ్విచ్చిన ప్రోబయాటిక్ వల్లే చెరువు పోయింది. మందుల షాపు దగ్గర కమీషన్ తింటున్నావు. నీ చదువేంటి, నీ అనుభవమెంత? నష్టమంతా నీ దగ్గరే కక్కిస్తా.'

దీనికి అనుభవం లేనివాడు రెండు రకాల జవాబులు రాస్తాడు. ఒకటి, నాలుగు సార్లు క్షమించమని వేడుకునే లేఖ; లాయరు గారికి అంతకన్నా కావలసిందేముంది? రెండోది, 'మీ మనుషులే సరిగా చూసుకోలేదు' అన్న ఎదురుదాడి. మన జూనియరు ముందు ఆ ఉత్తరాన్ని రొయ్యను ఒలిచినట్టు ఒలుస్తాడు. చదువు, అనుభవం, కక్కించడం అన్నీ పెంకు కింద పోతాయి. మిగిలేవి రెండే ప్రశ్నలు: రొయ్య ఎందుకు పోయింది, మందు ఎవరి లాభం కోసం రాశారు? జవాబు ఆ రెంటికే. 'టు', 'సీసీ' గడుల్లో చిరునామాలు మాత్రం ముందు తుడిచేసి, అన్నిటికన్నా చివర తిరిగి నింపుతాడు. ఆవేశంలో వేలు జారినా ఉత్తరం ఎక్కడికీ పోదు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇలా ఉంటుంది: 'నమస్కారం సార్. చెరువు పోవడం పెద్ద నష్టం, మీ బాధ అర్థమైంది. రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. మొన్న ఉదయం 5 గంటలకు తూము దగ్గర డీఓ 3.2 ఉంది. ఆ రాత్రి మేత సగానికి తగ్గించమనీ, పది గంటల నుంచి ఏరియేటర్లన్నీ ఆపకుండా తిప్పమనీ సాయంత్రం 6.10కి పంపిన మెసేజీ జత చేశాను. చెరువు మీద రాసిన పుస్తకం ప్రకారం కరెంటు 12.50కి పోయి 4 గంటలకు వచ్చింది. జనరేటరు అవర్ మీటరులో ఆ రాత్రి పెరిగింది అరగంటే. ప్రోబయాటిక్ చల్లి ఆ రోజుకు ఆరు రోజులైంది.' అంతే. 'డీజిలు మిగల్చమని చెప్పింది మీరే కదా' అన్న వాక్యం అందులో ఉండదు. అది అతనికి తెలియక కాదు. మీటరు చెప్పాక మనిషి చెప్పనక్కర్లేదని.

ఈ నాలుగు ముక్కల వెనక శాస్త్రముంది. చెరువు నీటి పచ్చదనం సూక్ష్మమైన నాచుది. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదీ, రొయ్యా, అడుగున కుళ్ళే మేతా అందరూ కలిసి దాన్ని వాడేస్తారు. అందుకే డీఓ తెల్లారుజామున అట్టడుగుకు చేరుతుంది. 4 పీపీఎం పైన ఉంటే రైతు నిద్రపోవచ్చు, 3 కిందికి వస్తే రొయ్య అవస్థ పడుతుంది. మబ్బు రోజు నిల్వే తక్కువ; ఆ రాత్రి మూడు గంటలు ఏరియేటర్లు ఆగితే చాలు. చావు తీరు కూడా కారణం చెబుతుంది. తెల్ల మచ్చ లాంటి జబ్బయితే రొయ్య మేత మానేస్తుంది, చెక్ ట్రేలో మేత మిగులుతుంది, చనిపోయినవి రోజురోజుకూ పెరుగుతాయి. నిన్న సాయంత్రం దాకా ట్రే ఖాళీ చేసిన రొయ్య తెల్లారేసరికి గట్ల వారకు చేరి ఒక్కసారే పోయిందంటే ముందు అనుమానించాల్సింది ఆక్సిజన్‌నే. అయినా జూనియరు 'కారణం ఇదే' అని తీర్పు చెప్పడు. చనిపోయిన రొయ్యను పీసీఆర్ పరీక్షకు పంపాననీ, జబ్బు తేలితే ఈ మాట మార్చుకుంటాననీ రాస్తాడు.

రెండో ప్రశ్న చిక్కుది. ఇక్కడే ఒక ఆక్షేపణ వస్తుంది: మందుల అమ్మకం మీద బతికే సలహాదారుల శాంతాన్ని ఎలా నమ్మాలి? నమ్మనక్కర్లేదు. ఉచిత సలహా పేరుతో షాపు బిల్లు పెంచేవాళ్ళు ఈ రంగంలో లేరని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. తియ్యగా రాయడం వాళ్ళకూ వచ్చు. అందుకే ఉత్తరం ఎంత చల్లగా ఉందో చూడకూడదు; రాసినవాడి సాయం లేకుండా మనం సరిచూసుకోగలిగినవి అందులో ఎన్ని ఉన్నాయో చూడాలి. మన జూనియరు ఈ పంటలో రాసిన ప్రతి మందూ, తేదీ, మోతాదు, ఎందుకు రాశాడో పట్టికగా పెడతాడు. తమ ఆఫీసు అమ్మినవి ఏవో గుర్తు పెట్టి, ఇంకో టెక్నీషియన్‌కు చూపించుకోమంటాడు. కమీషన్ తినేవాడికి ఈ ఒక్క వాక్యం రాయడం మహా కష్టం.

ఇంకో ఆక్షేపణ: ఇంత తూచి రాసేబదులు ఫోను చేసి 'అయ్యో' అంటే సరిపోదా? అనాలి, అంటాడు కూడా. కాని ఆరోపణ అయిదుగురి ముందు చేసినప్పుడు జవాబు చెవిలో చెబితే మిగతా నలుగురి దగ్గర నిందే మిగులుతుంది. అందుకే 'రిప్లై ఆల్'. పైగా మీటరుకూ హద్దులున్నాయి. తూము దగ్గర 3.2 ఉంటే అడుగు బురద దగ్గర ఇంకా తక్కువ ఉండొచ్చు. ఇకపై రెండు చోట్ల కొలుస్తానని తన వంతు లోటు తనే రాస్తాడు. తప్పులో తన వాటా ఎంతో తెలిసినవాడికే మిగతాది కాదనే ధైర్యం ఉంటుంది. పుస్తకం రాయనివాడికి ఆ లెక్క తెలియదు కనుక అయితే అంతా ఒప్పుకోవాలి, లేదంటే అరవాలి.

ఇంతకీ ఆసామి ఏం చేస్తాడు? క్షమాపణ చెప్పడు, మన వైపు ఆ ఆచారం లేదు. మూడు రోజులాగి 'రెండో చెరువు ఎప్పుడు చూస్తారు' అని ఒక్క ముక్క రాస్తాడు. గమనించండి, 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది, బావమరిది కాపీలోంచి తప్పుకున్నాడు. పాత ఫీజు ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఫరవాలేదు, అదీ పుస్తకంలో తేదీతో సహా ఉంది.