ముందు అంకె, తర్వాత దండం

మెదక్‌లో వరికోతలు మొదలయ్యాయంటే కల్లాల్లో ధాన్యం ఆరుతుంది, ఆఫీసుల్లో పట్టికలు ఆరాటపడతాయి. ఏ కేంద్రంలో ఎంత కొన్నారో సాయంత్రానికల్లా పైకి మెయిల్ వెళ్లాలి. సంచికి 40 కిలోలు, రెండున్నర సంచులైతే ఒక క్వింటాలు. లెక్క ఇంత సులువు కాబట్టే తప్పడమూ సులువు. ఒక కేంద్రం ఆ రోజు 12,000 సంచులు, అంటే 4,800 క్వింటాళ్లు కొన్నదనుకుందాం. ఆ 12,000 వెళ్లి క్వింటాళ్ల గడిలో కూర్చుంది. లారీకి 600 సంచుల చొప్పున 20 లారీలు చాలిన చోటికి 50 లారీలు రావాలని కాగితం చెబుతోంది. ఇప్పుడు సవరణ మెయిల్ వెళ్లాలి. అది మామూలుగా ఎలా వెళ్తుంది? ‘గౌరవనీయులైన సార్ గారికి నమస్కరించి వ్రాయునది’తో బయల్దేరి, మధ్యాహ్నం పోయిన కరెంటునూ, మొరాయించిన సర్వర్‌నూ, బావమరిది పెళ్లికి సెలవు పెట్టిన ఆపరేటర్‌నూ పలకరించుకుంటూ, నాలుగో పేరాలో ఆయాసపడుతూ 4,800 దగ్గరికి చేరుతుంది. సార్ గారు ఫోన్‌లో చూసేది మొదటి వరుస మాత్రమే. ఆయనకు నమస్కారం అందింది, ధాన్యం అందలేదు.

సవరణ మెయిల్ చదివేవాడికి కావాల్సినవి నాలుగే: సరైన అంకె ఎంత, ఏ అంకెను కొట్టేయాలి, దానివల్ల తను చేయాల్సిన పనిలో ఏం మారింది, సరైన పట్టిక ఎక్కడుంది. ఇవి ఈ వరుసలోనే ఉండాలి. సబ్జెక్టులో ‘సవరణ: నేటి ధాన్యం 4,800 క్వింటాళ్లు’ అని రాస్తే మెయిల్ తెరవనివాడికి కూడా సగం పని అయిపోయినట్టే. లోపల ఇంత చాలు: ‘ఈ రోజు కొన్న ధాన్యం 4,800 క్వింటాళ్లు. సాయంత్రం 6:10కి పంపిన పట్టికలోని 12,000 అనేది సంచుల సంఖ్య, పొరపాటున క్వింటాళ్ల గడిలో పడింది. లారీలు 20 చాలు. సరిచేసిన పట్టిక జతచేశాను, పాతది వాడకండి. ఇబ్బందికి క్షమించండి.’ తప్పు అంకె ఒక్కసారే వచ్చింది. అదీ రాకపోతే ఏది కొట్టేయాలో తెలియదు. రెండోసారి వస్తే ఏది నమ్మాలో తెలియదు.

క్షమాపణ చివరికి నెట్టడం మర్యాదేనా అని పెద్దలు అడగవచ్చు. లారీలు పురమాయించే మనిషికి మన పశ్చాత్తాపం లోతుతో పనిలేదు, ఎన్ని లారీలో కావాలి. అతన్ని వెతుక్కోనివ్వకపోవడమే అసలు మర్యాద. కారణం చెప్పకపోతే ఎవరు నమ్ముతారన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. అందులో సగం నిజముంది. 1994లో జాన్సన్, సీఫర్ట్ అనే పరిశోధకులు ఒక గోదాము అగ్నిప్రమాదం కథను కొందరిచేత చదివించారు. గదిలో పెయింట్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని ముందు చెప్పి, తర్వాత ఆ గది ఖాళీయేనని సవరించారు. సవరణ చదివినవాళ్లు కూడా మంటకు పెయింట్లనే కారణంగా చెబుతూ వచ్చారు. మంటకు మరో కారణం చూపినప్పుడే పాత మాట పట్టు సడలింది. అంటే ‘12,000 కాదు’ అంటే చాలదు, దాని స్థానంలో నిలబడేది ఇవ్వాలి. ‘అది సంచుల సంఖ్య’ అన్న మూడు మాటలు ఆ పని చేస్తాయి, ఎందుకంటే తప్పు ఎక్కడిదో చదివేవాడు తనే సరిచూసుకోగలడు. కరెంటు పోయిన సంగతిని ఎవరూ సరిచూడలేరు. అది వివరణ కాదు, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం. ఆపరేటర్ సెలవు గురించి ఎంత ఎక్కువ రాస్తే, మిగతా గడులు ఎవరు నింపారన్న అనుమానం అంత పెరుగుతుంది.

ఈ గొడవంతా ఎందుకు, పంపిన మెయిల్‌ను వెనక్కి లాగేస్తే పోలా అనేవారూ ఉన్నారు. జీమెయిల్ అందుకిచ్చే గడువు ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు; తప్పు సాధారణంగా టీ తాగాక తెలుస్తుంది. ఇంకొందరు కొత్త పట్టికను ఏమీ అనకుండా మళ్లీ పంపేస్తారు. అప్పుడు ఒకే తేదీతో రెండు పట్టికలు తిరుగుతాయి, ఎవరికి నచ్చింది వారు వాడతారు. 2025-26లో ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు రూ.2,389. లేని 7,200 క్వింటాళ్ల విలువ కోటీ 72 లక్షలు దాటుతుంది, మౌనంగా సర్దుకునే మొత్తమేమీ కాదు. కాబట్టి మొదటి మెయిల్ ఎవరెవరికి వెళ్లిందో వారందరికీ, అదే మెయిల్‌కు జవాబుగా సవరణ పంపండి. పంపేముందు కొత్త అంకెను ఇంకొకరికి చూపించండి. సవరణకు సవరణ పంపాల్సి వస్తే మాత్రం మెయిల్ వద్దు, నేరుగా ఫోన్ చేయండి. ఫోన్‌లో కూడా ముందు అంకే చెప్పండి.