ఎయిర్‌పోర్టు హాలు రెండర్ ఒక్క పూటలో ముగించే చిట్కాలు

రేపు పొద్దున పదింటికి ప్రెజెంటేషన్. ఎయిర్‌పోర్టు చెక్-ఇన్ హాలు లోపలి బొమ్మ కావాలన్నారు. పైన పెద్ద స్పాన్ కప్పు, స్కైలైట్లలోంచి పగటి వెలుగు, కింద జనం. కంగారు పడకండి. నేను చెప్పినట్టు చేస్తే రాత్రి తొమ్మిదికల్లా సిస్టమ్ ఆపేసి బిర్యానీకి వెళ్ళిపోవచ్చు.

1. ముందు ముంబై టీ2 ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకోండి. 2014లో తెరిచిన టెర్మినల్, ఎస్‌ఓఎం సంస్థ డిజైను. అంత కప్పునూ 30 స్తంభాలు మోస్తాయి. వాటి మధ్య దూరం ఒక దిక్కున 34 మీటర్లు, రెండో దిక్కున 64 మీటర్లు. ప్రతి స్తంభమూ పైకి పోయేకొద్దీ గొడుగులా విచ్చుకుని కప్పులో కలిసిపోతుంది. అలా విచ్చుకోవడం వల్లే మధ్యలో మిగిలే ఖాళీ తగ్గి, కప్పు నిలుస్తుందని స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్తాడు. శ్రద్ధగా వినండి, తల ఊపండి, ఆయన వెళ్ళాక సగం స్తంభాలు డిలీట్ చేయండి. మోడలింగ్ పనీ సగమవుతుంది. ఆ దూరానికి మామూలు ట్రస్సయితే నాలుగైదు మీటర్ల లోతు కావాలంటాడు. అర మీటరు చాలు. సన్నగా ఉంటేనే అందం, కప్పు బరువు బొమ్మలో ఎవరికీ తగలదు.

2. ఎండ మచ్చలు నేల మీద మీరే అతికించండి. సూర్యుణ్ణి సెట్ చేస్తే బోలెడు తంటా: కిరణాలు సమాంతరంగా వస్తాయి గనక మచ్చలన్నీ ఒకే వైపు పడతాయి, మీకు కావలసిన చోట పడవు. పైగా సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది. 20 మీటర్లు దాటి వచ్చిన ఎండకు అంచు దాదాపు 20 సెంటీమీటర్ల మేర మసకబారుతుంది. అది చూసి క్లయింటు ఫోకస్ పోయిందనుకుంటాడు. కత్తితో కోసినట్టున్న మచ్చ ఒకటి తయారుచేసి, పది కాపీలు తీసి, కుడికి నాలుగు, ఎడమకు ఆరు వాల్చండి. హాలు నిండుగా ఉంటుంది.

3. ఇక జనం. సమయమంతా తినేసేది ఇదే కాబట్టి శ్రద్ధగా చదవండి.

కెమెరాను మనిషి కంటి ఎత్తులో, 1.6 మీటర్ల దగ్గర పెడితే ఓ చిక్కుంది. నేల సమంగా ఉంటే, దగ్గర నిలబడ్డవాళ్ళవైనా దూరాన నిలబడ్డవాళ్ళవైనా పెద్దవాళ్ళ కళ్ళన్నీ ఇంచుమించు హొరైజన్ గీత మీదికే రావాలి. మారేది పాదాలుండే చోటే. స్కేలు తప్పితే స్కేలు పట్టీ అక్కర్లేదు, ఆ ఒక్క గీతే పట్టిస్తుంది. అందుకని ముందు ఆ గైడు లైను దాచేయండి.

తర్వాత లెక్కలు మానేయండి. పది మీటర్ల దూరంలో మనిషి 300 పిక్సెళ్ళు ఉంటే, 60 మీటర్ల దూరంలో వాడు 50 పిక్సెళ్ళే. అంత చిన్న మనిషికి మొహం కనబడదు, కటౌట్ డబ్బులు దండగ. 150 పిక్సెళ్ళు పెట్టండి. మూడింతలైంది కదా, అంటే అయిదు మీటర్ల పైచిలుకు మనిషి. నేను మొన్న సరిగ్గా ఇదే చేశాను: చీర కట్టుకుని ట్రాలీ తోస్తున్న ఓ అమ్మ, చెక్-ఇన్ కౌంటరు ఆమె మోకాలి దాకా వచ్చింది. 20 మీటర్ల కప్పు ఆమె పక్కన ఏడు మీటర్లలోపే అనిపించి, అచ్చం ఫంక్షన్ హాలులా కుదిరింది. క్లయింటుకు దగ్గరతనం అనిపించాలంటే అదే మార్గం.

మనుషులు ఎనిమిది మంది చాలు. అద్దంలోలా తిప్పితే పదహారు. వాచీ కుడిచేతికి మారుతుంది, టీషర్టు మీద అక్షరాలు తిరగబడతాయి, అంతే. పాదాల కింద నీడ వేయకండి. నేలకు ఆనని మనిషిని ఎప్పుడైనా జరుపుకోవచ్చు. లైబ్రరీలో దొరికినవాళ్ళనే వాడండి, మే నెల ముంబైలో ఉన్ని కోట్లు వేసుకున్నా సరే. వీడ్కోలుకు వచ్చిన బంధువర్గాన్నంతా పూలదండలతో కౌంటర్ల ముందే దింపండి. మన దేశంలో మామూలుగా టికెట్ లేనివాళ్ళను గేటు దాటనివ్వరు, కానీ బొమ్మకు గేటెక్కడిది?

4. జవాబులు ముందే కంఠస్థం చేయండి. "ఆ మనిషి అంత పొడుగేంటి?" అంటే "లెన్సు సార్, వైడ్ యాంగిల్" అనండి. "స్తంభాలేవి?" అంటే "కెమెరా వెనక ఉన్నాయి." ఎండ రెండు వైపులా ఎందుకు పడిందని అడిగితే పొద్దుటిదీ సాయంత్రానిదీ కలిపి చూపించామనండి. ఇంకా వదలకపోతే "ఇది కాన్సెప్ట్ ఇమేజే" అని, ఆ ముక్కే కింద మూలన చిన్న అక్షరాల్లో టైపు చేసి, ఫైలు పంపేసి ఫోను సైలెంట్‌లో పెట్టండి.