పోస్టాఫీసులు పెంచిన పల్లె గిరాకీ



మీరు రూఢి చేయమన్నారు, చేస్తున్నాను. ఒకే కీ పదిసార్లు ఉన్న టేబుల్‌తో జాయిన్ చేస్తే వరుసలు పెరుగుతాయి. సర్వర్‌కు ఏ జబ్బూ చేయలేదు. డేటాబేస్ వెర్షన్ మార్చినందువల్ల వచ్చిన తంటా కాదు. రాత్రి కరెంటు పోయి వచ్చినందుకూ కాదు. మీరు ఏది అడిగారో అది ఇచ్చింది, అంతే.

జవాబు ఇంతటితో అయిపోవాలి. కానీ మీ లేఖ చివర ఒక ఆణిముత్యం ఉంది: LEFT JOIN వాడాను కాబట్టి ఎడమవైపు ఎన్ని వరుసలుంటే అన్నే రావాలి కదా అని. పైగా ఈలోపు మీ మేనేజరు గారు పల్లెల్లో మన సరుకుకు గిరాకీ ఉప్పొంగుతోందని స్లయిడ్ వేయించి పైవాళ్లకు పంపేశారు. ఊళ్లకు దగ్గరగా గోదాము తీసుకుందామన్న మాట కూడా నడుస్తోందట. ఆ గిరాకీ పుట్టిన చోటు నేను కనిపెట్టాను. రైతుల చేతిలో డబ్బులు ఆడటం వల్ల పుట్టలేదది. బ్రాంచి పోస్టాఫీసుల్లో పుట్టింది.

ఆర్డర్ల టేబుల్‌లో పిన్‌కోడ్ ఉంది, జిల్లా పేరు లేదు. జిల్లా కావాలి కాబట్టి తపాలా శాఖ విడుదల చేసిన పిన్‌కోడ్ డైరెక్టరీ తెచ్చి పిన్ మీద జాయిన్ చేశారు. ఆలోచన మంచిదే. కాకపోతే ఆ ఫైలులో ఒక్కో వరుస ఒక్కో పిన్‌కోడ్ కాదు, ఒక్కో పోస్టాఫీసు. దేశంలో పోస్టాఫీసులు లక్షన్నరకు పైనే. పిన్‌కోడ్‌లు మాత్రం 19 వేల చిల్లర. అంటే సగటున ఒక్కో పిన్‌కు ఎనిమిది వరుసలు. 1972 ఆగస్టు 15న ఈ ఆరంకెల పద్ధతి మొదలుపెట్టినవాళ్ల లెక్క సరళం: ఉత్తరం ఏ డెలివరీ ఆఫీసుకు చేరాలో చెప్పాలి. ఆ ఆఫీసు చుట్టూ ఉన్న పల్లెల బ్రాంచి ఆఫీసులన్నీ అదే పిన్‌తో బతుకుతాయి. యాభై ఏళ్ల తర్వాత ఎవరో తమ పిన్‌ను ప్రైమరీ కీ అనుకుంటారని వాళ్లకు కలలోనైనా తోచి ఉండదు. ఫైలు పేరులో పిన్‌కోడ్ అని ఉంది కాబట్టి వరుసకొక పిన్ ఉంటుందని మనవాళ్లు తీర్మానించేశారు. తెరిచి పది వరుసలు చూస్తే తేలిపోయేది. కానీ తెరిచి చూడటం కింది ఉద్యోగుల పని అని మనలో ఒక నమ్మకం.

ఇక పెరిగిన తీరు చూడండి. లెక్క సులువుగా ఉండేందుకు రెండే పిన్‌లు తీసుకుందాం. పట్నంలోని పిన్‌కు డైరెక్టరీలో ఒక్కటే వరుస ఉందనుకోండి, అక్కడినుంచి 500 ఆర్డర్లు. పల్లెలకు చెందిన పిన్‌కు 12 వరుసలు, అక్కడినుంచి 100 ఆర్డర్లు. జాయిన్ అయ్యాక పట్నం 500 దగ్గరే ఉంది. పల్లె 1200 అయింది. అసలు మొత్తం 600లో పల్లె వాటా ఆరో వంతు. కొత్త మొత్తం 1700లో పల్లె వాటా నూటికి 70. పెళ్లిలో నూటపదహార్లు చదివించిన ఒక్క కుటుంబం పేరును, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్నిసార్లు మైకులో చదివి, చివరికి ఆ మొత్తాన్నే కూడినట్టు ఉంది. ఉమ్మడి కుటుంబాలవాళ్లు మహాదాతలైపోతారు.

అందుకే "ఎంత పెరిగిందో అంతతో భాగిస్తే సరిపోతుంది కదా, సగటున ఎనిమిది" అన్న మీ పక్క సీటు మేధావి సలహాకు నేను నమస్కరించి తప్పుకుంటున్నాను. అన్ని పిన్‌లూ సమానంగా పెరిగి ఉంటే కనీసం శాతాలైనా చెడకుండా మిగిలేవి. ఇక్కడ ఎక్కడ బ్రాంచి ఆఫీసులు ఎక్కువో అక్కడే అమ్మకం ఎక్కువ కనిపిస్తుంది. మొత్తం తప్పు, వాటా తప్పు, ఏ జిల్లా ముందుందో చెప్పే వరస తప్పు. సగటు ఆర్డరు విలువ కూడా పల్లె వైపు ఒరుగుతుంది, ఎందుకంటే పల్లె ఆర్డరు ఒక్కోటి పన్నెండుసార్లు ఓటు వేస్తోంది. మీ స్లయిడ్ మీద ఉన్న రంగుల పటం నిజానికి తపాలా శాఖ వ్యాప్తి పటం. ఆ శాఖకు పంపితే సంతోషిస్తారు.

ఇప్పుడు LEFT JOIN మహిమ. ఎడమవైపు వరుస ఏదీ పోదన్నది మాత్రమే అది ఇచ్చే హామీ. కుడివైపు జత దొరక్కపోతే ఖాళీ పెట్టి ఒకసారి ఇస్తుంది, పన్నెండు జతలు దొరికితే పన్నెండుసార్లు ఇస్తుంది. పెరగనివ్వనని ఏ పుస్తకంలోనూ మాటివ్వలేదు. మరి ఈ నమ్మకం ఎక్కడిది? నా అనుమానం ఎక్సెల్ మీద. VLOOKUP మొదట కనబడ్డ జతను తెచ్చి గడిలో పెట్టి ఊరుకుంటుంది. మిగతా పదకొండింటి సంగతి ఎత్తదు. పదేళ్లు ఆ చల్లని నీడలో పెరిగినవాళ్లకు ఎస్‌క్యూఎల్ ఉన్నవన్నీ చూపించేసరికి అది మొరటుగా తోస్తుంది. నిజానికి రెండూ ఒకే డైరెక్టరీని చూశాయి. ఒకటి దాచింది, ఒకటి చెప్పింది.

కొత్తగా పుట్టిన గండమేమీ కాదిది. రిలేషనల్ పద్ధతికి పునాది వేసిన 1970 నాటి వ్యాసంలోనే కాడ్ దొరగారు, జాయిన్ చేసే విలువకు రెండువైపులా ఒకటికి మించి జతలుంటే సందిగ్ధం తప్పదని ఉదాహరణతో సహా రాశారు. ఆయన ఆ రోజుల్లో ఆందోళన పడ్డ సంగతి మన డ్యాష్‌బోర్డులో అభివృద్ధి సూచికగా వెలసింది.

ఆ రెండువైపుల సంగతే మీ తర్వాతి కోరిక. ఫిర్యాదుల టేబుల్‌ను కూడా పిన్ మీదే కలిపి, ఏ ఆర్డర్లకు ఫిర్యాదులు ఎక్కువో చూద్దామన్నారు. సూత్రం చిన్నది: ఒక కీ విలువ ఎడమన ఎన్నిసార్లుందో, కుడిన ఎన్నిసార్లుందో, ఆ రెంటి లబ్ధం అన్ని వరుసలు. మన పల్లె పిన్‌లో 100 ఆర్డర్లు, 20 ఫిర్యాదులు ఉంటే 2000 వరుసలు. డైరెక్టరీ అందులోనే ఉంది కాబట్టి ఇంకో పన్నెండింతలు, 24,000. ఆ 24,000లో ఏ ఫిర్యాదు ఏ ఆర్డరుదో చెప్పే వరుసను గుర్తుపట్టే దారే లేదు. ప్రతి ఫిర్యాదూ ఆ పిన్‌లోని ప్రతి ఆర్డరునూ నిందిస్తోంది. ఫిర్యాదులో ఆర్డర్ నంబరు ఉంటే దాని మీద కలపండి. లేకపోతే రెంటినీ విడివిడిగా పిన్‌వారీగా కూడి, ఒక్కో పిన్‌కు ఒక్కో వరుస చేసి, ఆ తర్వాత కలపండి. అప్పుడు ఆ పిన్‌లో ఎన్ని ఆర్డర్లకు ఎన్ని ఫిర్యాదులో తెలుస్తుంది. అంతకు మించి ఆ డేటాకు తెలియదు.

ఇక మన ఆఫీసు ఇంటివైద్యం, DISTINCT. వరుసలు పెరిగాయా, పైన ఆ మాట తగిలించు. తగిలించారు కూడా. తగ్గలేదు, ఎందుకంటే మీరు ఎంచుకున్న కాలమ్‌లలో పోస్టాఫీసు పేరు ఉంది, పన్నెండు పేర్లూ వేరు. ఆ పేరు తీసేశారు, తగ్గింది. కానీ ఆర్డర్ నంబరు కూడా మీ జాబితాలో లేదు. దాంతో ఒకే మనిషి ఒకే రోజు ఒకే ధరకు రెండుసార్లు కొన్న సరుకు ఒకటైపోయింది. ఆ తర్వాత మీవాళ్లు చేసిన SUM(DISTINCT amount) మరీ ఘనం. 499 రూపాయల ఆర్డర్లు ఎన్ని వేలున్నా అది ఒక్క 499నే కూడుతుంది. పెరిగిన చోట కోసి, పెరగని చోట కూడా కోసి, వచ్చిన అంకె నమ్మేలా ఉందని సంతోషించడాన్ని శుభ్రపరచడం అంటున్నారు.

DISTINCT మీద నాకేమీ పగ లేదు. జాయిన్ తర్వాత కాదు, ముందు వాడండి. అంతకంటే ముందు ఈ నాలుగు వరుసలు నడపండి:

```sql
SELECT pincode, COUNT(*)
FROM pin_directory
GROUP BY pincode
HAVING COUNT(*) > 1;
```

ఏమీ రాకపోతే కీ ఏకైకం, హాయిగా కలపండి. వస్తే జాయిన్ మానుకుని ఇటు తిరగండి. మీకు కావలసింది పోస్టాఫీసు కాదు, జిల్లా. కాబట్టి డైరెక్టరీని ముందుగా పిన్, జిల్లా మటుకే ఉండేలా కుదించండి:

```sql
SELECT DISTINCT pincode, districtname
FROM pin_directory;
```

దీన్ని మళ్లీ ఆ మొదటి పరీక్షకే పెట్టండి. చాలా పిన్‌లు దారికి వస్తాయి, కొన్ని రావు. తపాలా హద్దులకు, జిల్లా హద్దులకు చుట్టరికం లేదు. ఒకే పిన్ కింద ఉన్న ఊళ్లు రెండు జిల్లాల్లో ఉండవచ్చు. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. గీతలు పెరిగినకొద్దీ ఇలాంటి పిన్‌లకు అవకాశమూ పెరుగుతుంది. మీ డైరెక్టరీ ఏ నాటిదో చూసుకోవడమూ అవసరమే. ఇలాంటి పిన్‌లకు MAX(districtname) పెట్టి వదిలించుకోమని ఎవరైనా చెబుతారు. చెబితే అడగండి, అక్షరక్రమంలో వెనకున్న జిల్లాకు అమ్మకాలు ఎక్కువ రాసిపెట్టే నియమం కంపెనీలో ఎవరు ఆమోదించారని.

జాయిన్ ముందూ వెనకా మూడు అంకెలు రాసుకోండి: మొత్తం వరుసలు, వేర్వేరు ఆర్డర్ నంబర్లు, మొత్తం సొమ్ము. వరుసల లెక్క ఒక్కటి చూసి ఊరుకోవద్దు. INNER JOIN వాడినప్పుడు డైరెక్టరీలో లేని పిన్‌లు జారిపోతాయి, ఉన్నవి పెరుగుతాయి, రెండూ కలిసి మొత్తం దాదాపు సరిపోయినట్టు నటించగలవు. పైథాన్‌లో పాండాస్ వాడేవాళ్లు merge లో validate="many_to_one" అని ఒక్క మాట రాస్తే, కుడివైపు కీ రెండుసార్లు కనబడగానే అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎర్రర్ వస్తే పని ఆగుతుందని దాన్ని తీసేసే ఆచారం కూడా మనకుంది, అది వేరే కథ.

రెండు జిల్లాల పిన్‌ల జాబితా ఈ లేఖతో జత చేశాను. వాటి ఆర్డర్లను ఏ జిల్లాకు వేయాలో తేల్చాల్సింది వ్యాపారం చూసేవాళ్లు, నేనూ కాదు, డేటాబేసూ కాదు. తేల్చేదాకా వాటిని ఏ జిల్లాలోనూ కలపకుండా వేరే వరుసలో ఉంచాను. గోదాము అద్దె ఒప్పందం మీద సంతకాలు ఇంకా కాలేదని విన్నాను. మీ మేనేజరు గారికి ఆ స్లయిడ్ వెనక్కి తీసుకోమని మీరే చెబుతారో, లేక పిన్‌వారీగా సరిచేసిన లెక్క నేనే పంపాలో ఈ సాయంత్రంలోగా చెప్పండి.